కొరియన్ మెనూని తోక నుంచి చదవండి: బిబింబాపా, జిగేనా, బేక్‌బానా, ఏది చెప్పుకోవాలి?

కొరియాలో ఏ మామూలు హోటల్‌లో కూర్చున్నా గోడ మీద ఓ 20 ఐటమ్స్ రాసుంటాయి, అన్నీ పొడుగు పేర్లే, మొదటిసారి చూస్తే పాస్‌వర్డ్‌లు చదువుతున్నట్టు ఉంటుంది. నేను సువోన్‌లో ఉండబట్టి కొన్నేళ్ళయింది, మొదటి ఆర్నెల్లు బిబింబాప్ తప్ప ఇంకోటి చెప్పలేదు, ఎందుకంటే పలకడం వచ్చింది అదొక్కటే. తర్వాత ఆఫీసులో ఒక కొరియన్ అన్న చెప్పాడు, పేరు మొదట్నుంచి చదవకు, చివర చూడు, అసలు విషయమంతా అక్కడే ఉంది అని. పేరు ముందు భాగంలో ఏం వేశారో ఉంటుంది, తోకలో అది ఎలా వస్తుందో ఉంటుంది, అంటే అన్నమా, చారా, పులుసులాంటిదా, టేబుల్ మీద ఉడికించుకునేదా అని. ఆకలితో ఉన్నోడికి ముందు కావాల్సింది ఈ తోకే.

బాప్ అంటే వండిన అన్నం. అలాగే భోజనం అని కూడా అర్థం, కొరియన్లు కనపడగానే "అన్నం తిన్నావా" అని అచ్చం మన ఊళ్ళో అడిగినట్టే అడుగుతారు, అందులో వాడేది ఈ బాప్ మాటే. కాబట్టి పేరు చివర బాప్ ఉంటే అన్నం అందులోనే ఉంది, విడిగా చెప్పక్కర్లేదు, ఒక్కడివే వెళ్ళినా కడుపు నిండుతుంది అని లెక్క. ఇది ఎంత పక్కాగా పనిచేస్తుందంటే, బొక్కుమ్ అంటే వేపుడు, జేయుక్ బొక్కుమ్ అంటే కారంగా వేపిన పంది మాంసం, ఇది ప్లేట్‌లో కూరలా వస్తుంది, అన్నం సంగతి హోటల్‌ని బట్టి. అదే జేయుక్ దొప్‌బాప్ అని ఉంటే ఆ వేపుడునే అన్నం మీద పోసి ఇస్తారు. కిమ్చి అంటే కారం పట్టించి పులియబెట్టిన క్యాబేజీ, కిమ్చి బొక్కుమ్ అంటే దాన్ని వేపింది, కిమ్చి బొక్కుమ్‌బాప్ అంటే కిమ్చి ఫ్రైడ్ రైస్. చివర ఒక్క బాప్ మాటే తేడా, కానీ ఒకటి నంజుకునేది, ఇంకోటి భోజనం.

ఇప్పుడు బిబింబాప్. బిబిం అంటే కలపడం, సో కలుపుకుని తినే అన్నం, మనకి వేరే పాఠం అక్కర్లేదు. గిన్నెలో అన్నం, దాని మీద మొలకలు, పాలకూర, క్యారెట్, పుట్టగొడుగులు విడివిడిగా సర్ది, పైన గుడ్డు, పక్కన గోచుజాంగ్ అనే మిరప ముద్ద. గోచుజాంగ్ ఎర్రగా భయపెడుతుంది గానీ తియ్యగా ఉంటుంది, గుంటూరు కారం తిన్న నాలుకకి అదో లెక్క కాదు, అయినా మొత్తం ఒకేసారి వేసేయకండి, ఘాటు కన్నా ఉప్పు ఎక్కువైపోతుంది, సగం వేసి కలిపి చూసి మిగతాది. బిబిం మాట ఇంకో చోట కూడా కనపడుతుంది, బిబిం నెంగ్‌మ్యొన్ అని, అక్కడ తోక మ్యొన్, అంటే నూడుల్స్, పైగా చల్లవి. బిబిం అన్న మాట చూసి అన్నం వస్తుందనుకుని అది చెప్పి, చలికాలంలో చల్లటి నూడుల్స్ తిన్నోళ్ళు నాకు తెలుసు.

మెనూలో మామూలు బిబింబాప్ పక్కనే వెయ్యి రెండు వేల కొరియన్ వన్లు ఎక్కువ పెట్టి దోల్సోత్ బిబింబాప్ ఉంటుంది. దోల్సోత్ అంటే రాతి గిన్నె. గిన్నె మంట మీద కాగి కాగి వస్తుంది, టేబుల్ మీదకొచ్చాక కూడా చిటపటమంటూనే ఉంటుంది, అడుగున అన్నం మాడు కడుతుంది. చిన్నప్పుడు గిన్నె అడుగు మాడు కోసం కొట్టుకున్నవాళ్ళైతే కళ్ళు మూసుకుని ఇదే చెప్పండి. ఒకటే కిటుకు, రాగానే కలిపేయొద్దు, రెండు నిమిషాలు ఆగి, మాడు కట్టాక పైపైన కలుపుకుంటూ, చివర్లో స్పూన్‌తో అడుగు గీకాలి. గిన్నె అంచు చేత్తో ముట్టుకున్నారంటే అయిపోయారు. కాకపోతే ఎండాకాలం మధ్యాహ్నం, లంచ్ టైం అరగంటే ఉంది, ఆవురావురుమంటూ తినాలి అనుకుంటే మామూలుదే మంచిది, దోల్సోత్ చల్లారే లోపు మీ లంచ్ అవర్ అయిపోతుంది.

దోల్సోత్‌బాప్ అని బిబిం లేకుండా రాసుంటే అది వేరే. రాతి గిన్నెలో వండిన ఉత్తన్నం, కూరలు పక్కన. అన్నం వేరే గిన్నెలోకి తీసేసుకుని, అడుగున అంటుకున్న దాంట్లో వేడి నీళ్ళు పోసి మూత పెట్టేస్తే, మిగతా భోజనం అయ్యేసరికి అది గంజిలా తయారవుతుంది, ఆఖర్న అది తాగుతారు. మన గంజన్నం అలవాటున్న అమ్మమ్మలకి కొరియాలో వెంటనే నచ్చేది ఇదే అనుకుంటా.

శాకాహారులకి ఇక్కడే ఒక మాట. బిబింబాప్ చూడ్డానికి కూరగాయల అన్నంలా ఉంటుంది, అందుకే అందరూ వెజ్‌కి ఇదే సేఫ్ అంటారు, సగమే నిజం. చాలా చోట్ల మధ్యలో ఒక చెంచా గొడ్డు మాంసం కీమా ఉంటుంది, పేరులో మాత్రం ఎక్కడా ఉండదు. జొన్జు అనే ఊరు బిబింబాప్‌కి బాగా పేరు, అక్కడ కొన్ని చోట్ల అన్నమే గొడ్డు ఎముకల రసంలో వండుతారు, పైన పచ్చి మాంసం కూడా వేస్తారు. గోచుజాంగ్‌లో మాంసం వేసి వేయించిన రకం కూడా ఉంది. కాబట్టి "గోగి ప్పే జుసేయో" అనండి, మాంసం తీసేసి ఇవ్వండి అని. మెనూలో సాన్‌చే బిబింబాప్ ఉంటే ముందు అది చూడండి, సాన్‌చే అంటే కొండల్లో దొరికే ఆకుకూరలు, గుళ్ళ దగ్గరి హోటళ్ళలో ఎక్కువ కనపడుతుంది. దాంట్లో గోధుమ రంగులో తాళ్ళలాంటివి వస్తాయి, నమిలితే మాంసంలా ఉంటాయి, మా రూమ్మేట్ వాటిని చూసి గిన్నె పక్కకి తోసేశాడు, అవి గోసారి, ఫెర్న్ మొక్క లేత కాడలు ఎండబెట్టి నానబెట్టి వండినవి, కంగారు పడక్కర్లేదు. ఇంకా గట్టి శాకాహారులైతే బౌద్ధుల గుడి భోజనం దొరికే చోటు వెతుక్కోవాలి, అక్కడ మాంసం చేపా ఉండవు, వెల్లుల్లి, ఉల్లి జాతివి కూడా వాడరు. వాళ్ళు వద్దనుకునే ఘాటు దినుసులు ఐదు, అందులో ఐదోది మన ఇంగువ! కొరియా వంటింట్లో అసలు ఇంగువ ఉండదు, అయినా లిస్టులో మాత్రం ఉంది.

సరే, రసం ఉండే వాటికి వద్దాం, ఇక్కడే అసలు తికమక. గుక్, తాంగ్, జిగే, జొన్‌గోల్, నాలుగింటినీ ఇంగ్లీషు మెనూల్లో సూప్ అనో స్ట్యూ అనో రాసి పడేస్తారు, కానీ ఆకలిగా ఉన్నోడికి నాలుగూ నాలుగు రకాలు.

గుక్ అంటే పల్చటి చారులాంటిది, భోజనంతో పాటు పక్కన చిన్న గిన్నెలో వస్తుంది, చాలాసార్లు ఫ్రీగానే. కానీ దానికి బాప్ తోక తగిలితే, గుక్‌బాప్, అదే పూర్తి భోజనం, వేడి రసంలో అన్నం వేసి ఇచ్చేది, తొందరగా వస్తుంది, చవక, ఒక్కడే కూర్చుని తినొచ్చు. అన్నం ముందే రసంలో నానడం ఇష్టం లేకపోతే ముందు తారో అని ఉందేమో చూడండి, తారో గుక్‌బాప్ అంటే అన్నం విడిగా ఇస్తారు. కాకపోతే ఈ గుక్‌బాప్‌లు ఎక్కువగా పంది, గొడ్డు రసాలే. సుందే గుక్‌బాప్ అని కనపడితే అందులో సుందే అంటే రక్తం, నూడుల్స్ కూరి ఉడికించిన పేగు, ఇంగ్లీషులో sundae అని రాస్తారు, ఐస్‌క్రీమ్ గుర్తు తెచ్చుకోకండి.

తాంగ్ అంటే గంటల తరబడి మరిగించిన రసం, ఇదే గిన్నెడు, ఇదే మెయిన్. సల్లొంగ్‌తాంగ్ అంటే గొడ్డు ఎముకలు తెల్లగా పాలలా అయ్యేదాకా మరిగించింది, ఇది ఉప్పు లేకుండా వస్తుంది, టేబుల్ మీదున్న ఉప్పు, ఉల్లికాడలు మీరే వేసుకోవాలి, తెలియక చప్పగా తినేసి కొరియన్ ఫుడ్ ఇంతే అని తీర్పిచ్చేవాళ్ళు చాలామంది. గొడ్డు తినని వాళ్ళకి సామ్‌గ్యేతాంగ్, చిన్న కోడిని మొత్తంగా కడుపులో బంక బియ్యం, జిన్‌సెంగ్ వేరు పెట్టి ఉడికించేది. కారం ఉండదు, జలుబు చేసినప్పుడు దాన్ని మించింది లేదు, విచిత్రం ఏంటంటే వాళ్ళు దాన్ని ఎండాకాలం మండిపోయే రోజుల్లో పనిగట్టుకుని తింటారు.

పేరుని నమ్మి నేను మోసపోయింది కూడా తాంగ్‌తోనే. గామ్‌జా అంటే బంగాళాదుంప అని నేర్చుకున్న కొత్తలో, గామ్‌జాతాంగ్ అని చూసి ఆలూ సూప్ కదా అని మా శాకాహారి రూమ్మేట్‌ని గర్వంగా తీసుకెళ్ళా. పెద్ద బాండీలో పంది వెన్నెముకలు గుట్టగా వచ్చాయి, మధ్యలో రెండు బంగాళాదుంపలు. హోటల్ వాళ్ళ తప్పేం లేదు, అది అందరికీ తెలిసిన వంటకం, మాకే తెలీదు. వాడు ఆ రోజు అన్నం, ముల్లంగి ముక్కలతో సరిపెట్టుకున్నాడు. తోక వంట ఎలా వస్తుందో చెబుతుంది, ఏ మాంసమో చెప్పదు, అది పేరు ముందు భాగం కూడా ఒక్కోసారి దాచేస్తుంది. గుర్తుపెట్టుకోవాల్సిన మాటలు మూడే, సో అంటే గొడ్డు, ద్వేజి అంటే పంది, దాక్ అంటే కోడి. కాల్చే మాంసం పేర్లు బుల్గోగి, గాల్బీ అని ఉత్తినే రాసుంటే ఎక్కువగా గొడ్డు మాంసమే, ముందు దాక్ అనో ద్వేజి అనో ఉంటేనే వేరేది.

జిగే దగ్గర కాస్త ఆగుదాం, ఎందుకంటే మన నోటికి దగ్గరైంది ఇదే. జిగే అంటే చిక్కగా, ఉప్పగా, మన పులుసులాగా అన్నంతో తినడానికే చేసింది, మట్టి గిన్నెలో కుతకుత ఉడుకుతూ వస్తుంది. సూప్‌లా స్పూన్‌తో తాగుతూ కూర్చుంటే మూడో స్పూన్‌కే ఉప్పు తగులుతుంది, కొద్ది కొద్దిగా అన్నం మీద వేసుకుని తినాలి. కిమ్చి జిగే అంటే బాగా పులిసిపోయిన పాత కిమ్చితో చేసేది, పులుపు ఇష్టమైన మనవాళ్ళకి పండగే, అందులో పంది మాంసం మామూలుగా ఉంటుంది, చామ్చి కిమ్చి జిగే అని ఉంటే పంది బదులు టూనా చేప. దోయెన్‌జాంగ్ జిగే అంటే పులియబెట్టిన సోయా ముద్దతో, గుమ్మడిలాంటి కాయ, తోఫు వేసి చేసేది, కారం తక్కువ, వాసనకి అలవాటు పడాలి. సుందుబు జిగే అంటే నొక్కి గట్టిపరచని మెత్తటి తోఫు, ఎర్రటి రసం, ఉడుకుతుండగానే గుడ్డు కొట్టి వేసేది, పన్ను నొప్పితో ఉన్నా తినొచ్చు. మూడింట్లో మొదటిసారికి నా ఓటు కిమ్చి జిగేకి, అంటే మాంసం తినేవాళ్ళకి. తినని వాళ్ళకి జిగేల్లో సేఫ్ ఏదీ లేదు, సూటిగా చెప్తున్నా. తోఫు జిగే అన్నా, కూరగాయల జిగే అన్నా అడుగున రసం చాలావరకు ఎండు నెత్తళ్ళు, సముద్రపు నాచు మరిగించిందే, పైన మాంసం తీసేయమంటే తీస్తారు గానీ రసాన్ని ఏం చేస్తారు. కిమ్చి కూడా అంతే, చేసేటప్పుడే చేప సాసో, ఉప్పు రొయ్యలో కలుపుతారు.

జొన్‌గోల్ అంటే వెడల్పు బాండీలో పచ్చివన్నీ సర్ది తెచ్చి, టేబుల్ మీద స్టవ్ వెలిగించి మన కళ్ళ ముందు ఉడికించేది. పక్కన 2 ఇన్‌బున్ అని ఉంటుంది, ఇన్‌బున్ అంటే ఒక మనిషి వాటా, అంటే కనీసం ఇద్దరికి చెప్పాలి. ఒక్కడివే వెళ్ళి జొన్‌గోల్ అడిగితే కుదరదంటారు, మాంసం కాల్చుకునే హోటళ్ళూ ఇంతే. బుదే జిగే ఒక్కటి దొంగ, పేరులో జిగే అని ఉన్నా వాలకం జొన్‌గోల్‌ది, టేబుల్ మీదే ఉడుకుతుంది, చాలా చోట్ల ఇద్దరికి తక్కువ ఇవ్వరు. కొరియా యుద్ధం తర్వాత అమెరికన్ సైనిక స్థావరాల నుంచి బయటికొచ్చిన డబ్బా మాంసం, సాసేజ్‌లతో పుట్టింది, ఉయిజొంగ్‌బు అనే ఊరు దానికి పేరు. ఇన్‌స్టంట్ నూడుల్స్ కూడా అందులోనే పడేస్తారు. నలుగురు ఫ్రెండ్స్‌తో వానలో వెళ్తే మాత్రం నేను ఇంకేం చూడను, అదే.

బాన్‌చాన్ సంగతి చెప్పకపోతే సగం చెప్పినట్టే. ఆర్డర్ చెప్పగానే చిన్న చిన్న గిన్నెల్లో వచ్చేస్తాయి చూడండి, అవి. మన మెదడు వాటిని స్టార్టర్స్ అనుకుంటుంది, మెయిన్ వచ్చేలోపు ఖాళీ చేసేస్తాం, తర్వాత ఉత్తన్నం మొహం చూస్తాం. అవి అన్నంలోకి నంజుకోడానికి, మన పచ్చడి, వేపుడు, ఆవకాయ లాగా. డబ్బుల్లేవు, అయిపోతే "బాన్‌చాన్ దొ జుసేయో" అంటే మళ్ళీ తెస్తారు, కొన్ని చోట్ల మూలన సెల్ఫ్ అని రాసి పెట్టుంటుంది, మనమే వెళ్ళి తెచ్చుకోవాలి, తినేంతే వేసుకోవాలి, పారేస్తే బాగోదు. అన్నం మాత్రం ఫ్రీ కాదు, అదనంగా కావాలంటే గొంగిబాప్ అని అడగాలి, మూత ఉన్న స్టీలు గిన్నెలో వస్తుంది, చాలా ఏళ్ళుగా 1,000 వన్లు, ఈ మధ్య కొన్ని చోట్ల పెంచారు.

బాన్‌చాన్ చూసి హోటల్ రకం కూడా పట్టేయొచ్చు. గుక్‌బాప్ హోటల్‌లో కిమ్చి, ముల్లంగి ముక్కలు, అంతే, అదేం పిసినారితనం కాదు, అక్కడ రసమే భోజనం. ఆరేడు గిన్నెలు కావాలంటే గోడ మీద బేక్‌బాన్ అనే మాట వెతకండి. బేక్‌బాన్ అంటే అక్షరాలా తెల్లన్నం, కానీ అర్థం మన ప్లేట్ మీల్స్, అన్నం, చారు, ఆ రోజు వండిన కూరలు. ఏం వస్తాయో పేరు చెప్పదు, రోజూ మారుతుంది, బాగా ఆకలి, ఏదైనా తింటాను అనేవాడికి మెనూ మొత్తంలో అంతకన్నా మంచి బేరం లేదు. శాకాహారి అయితే గిన్నెలు ఒకసారి చూసుకోండి, ఆకుకూరలు, మొలకలు నువ్వుల నూనె వేసి కలిపినవి నాముల్, అవి మామూలుగా పర్లేదు, నల్ల చిక్కుళ్ళు తియ్యగా ఉంటాయి, అవీ పర్లేదు. గోధుమ రంగులో పల్చగా పన్నీర్ ముక్కల్లా ఉండేవి ఓముక్, చేప పిండితో చేసినవి. బెల్లం పాకంలో వేసినట్టు మెరిసేవి ఎండు నెత్తళ్ళు.

పోయిన నెల గుంటూరు నుంచి మా బావ వచ్చాడు, విమానంలో ఏమీ తినలేదట, నేను, మా శాకాహారి రూమ్మేట్, ముగ్గురం ఇంటి పక్క చిన్న హోటల్‌కి వెళ్ళాం. రూమ్మేట్ గుడ్డు తింటాడు, నేను గొడ్డు తినను, బావకి ఆకలే ఆకలి. ముందు జొన్‌గోల్ తీసేశాం, ఒకే బాండీలో ముగ్గురికీ కుదరదు, ఒకడు నెత్తళ్ళ రసం కూడా ముట్టడు. రూమ్మేట్‌కి దోల్సోత్ బిబింబాప్, మాంసం తీసేసి, 11,000. నాకు చామ్చి కిమ్చి జిగే, అన్నంతో కలిపి 9,000. బావకి బేక్‌బాన్ చెప్దామంటే ఆ హోటల్‌లో అది మధ్యాహ్నమే, సో జేయుక్ బొక్కుమ్, 10,000. పేరు చివర బాప్ లేదు కదా, అన్నం వస్తుందా అని అడిగా, వస్తుంది అంది ఆవిడ. బావ కిమ్చి గిన్నెలు రెండుసార్లు నింపించుకుని, నా జిగే రసం సగం తన అన్నంలో పోసుకుని, "ఒరేయ్ ఇది మన పులుసేరా, కాస్త బెల్లం తగ్గించుంటే" అంటూ ఇంకో రెండు గొంగిబాప్‌లు లాగించాడు. బిల్లు బయటికెళ్ళేటప్పుడు కౌంటర్ దగ్గర కట్టడమే, టాక్స్ మెనూ రేట్లోనే ఉంటుంది, టిప్ పద్ధతి లేదు. మూడు ఐటమ్స్ 30,000, బావ అన్నాలు 2,000, మొత్తం 32,000 వన్లు.